పది మంది ఫ్రెషర్ల కోసం ఒక క్యాంపస్ డ్రైవ్

హైదరాబాద్‌లో 300 మంది పనిచేసే ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీకి వచ్చే వేసవికల్లా 10 మంది ఫ్రెషర్లు కావాలనుకుందాం. ఈ పని ఏడాది ముందే, బీటెక్ పిల్లలు ఫైనలియర్‌లో అడుగుపెట్టగానే మొదలవ్వాలి. డిసెంబరు దాకా ఆగితే చురుకైనవాళ్ల చేతిలో అప్పటికే ఆఫర్లుంటాయి. చాలా కాలేజీల్లో ఒక విద్యార్థికి ఒకే ఉద్యోగమన్న నియమం ఉంది. బాగా ఎక్కువ జీతమిచ్చే కంపెనీ వస్తే తప్ప, ఆఫర్ వచ్చినవాళ్లను మరో డ్రైవ్‌కు పంపరు. అందుకే పెద్ద పేరున్న కాలేజీలో ఆఖరున దొరికే తేదీ కన్నా, కాస్త చిన్న కాలేజీలో మొదటి వారాల్లో దొరికే తేదీయే మేలంటాను.

కాలేజీలో మాట్లాడాల్సింది ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌తో. ఆయన ముందుగా అడిగేవి ప్యాకేజీ, బ్రాంచీలు, బ్యాక్‌లాగ్‌లు, బాండ్ సంగతులే. వీటిని మొదటి మెయిల్‌లోనే రాసెయ్యాలి. నెలనెలా చేతికొచ్చే జీతమెంతో విడిగా చెప్పాలి. గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కలిపి పెద్ద అంకె చూపిస్తే ఆ రోజు హాలు నిండుతుంది గానీ, ఆఫర్ లెటర్ చదివాక పిల్లలు జారుకుంటారు.

ఇక డ్రైవ్ రోజు. 200 మంది పరీక్షకు వస్తారు, 60 సిస్టమ్‌ల ల్యాబ్‌లు రెండున్నాయనుకుందాం. రెండు బ్యాచ్‌లు తప్పవు. రెండింటికీ ఒకే పేపరిస్తే మొదటి బ్యాచ్ బయటికి రాగానే ప్రశ్నలు క్యాంటీన్‌కు చేరిపోతాయి. రెండో బ్యాచ్ మార్కులు ఒక్కసారిగా పెరిగాయంటే జరిగింది అదే. వేర్వేరు ప్రశ్నలు సిద్ధం చేసుకోవాలి. సిస్టమ్‌లు, నెట్, జనరేటర్ ముందురోజే చూసుకోవాలి.

పరీక్షలో 40 మంది మిగిలితే, అరగంట చొప్పున ఇంటర్వ్యూలకు 20 గంటలు పడుతుంది. నలుగురు ఇంజనీర్లు వేరువేరుగా కూర్చుంటే 5 గంటల పని. మధ్యాహ్నం 2కు మొదలుపెడితే రాత్రి 7 అవుతుంది, కాలేజీ బస్సులేమో సాయంత్రమే వెళ్లిపోతాయి. అందుకే ఇంటి నుంచి వచ్చేవాళ్లను ముందు పిలిచి, హాస్టల్ పిల్లలను తర్వాత పిలవాలి.

ఇంటర్వ్యూలో నాకు నమ్మకమైన ప్రశ్న ప్రాజెక్టు మీదే. కొనుక్కొచ్చిన ప్రాజెక్టులు చాలానే ఉంటాయి. "ఈ టేబుల్‌లో ఫోన్ నంబర్‌ని టెక్స్ట్‌గా ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగితే, సొంతంగా చేసిన అమ్మాయి తడుముకున్నా కారణం చెబుతుంది. కొన్నవాళ్లు ప్రాజెక్టు పేరే మళ్లీ చెబుతారు.

ఫలితాలు ఆ రాత్రే ప్రకటించాలి. రెండు వారాలు నాన్చితే ఎంపికైనవాళ్లు మరో కంపెనీలో కూర్చుంటారు. చేరేలోపు కొందరు తప్పుకుంటారు కనుక 10 మంది కోసం 13 ఆఫర్లివ్వడం సబబే. అయితే ఆ ఒక్క ఆఫర్‌తో వాళ్లకు మిగతా కంపెనీల తలుపులు మూసుకుపోతాయి. 13 మందీ వచ్చినా చేర్చుకోగలమనుకుంటేనే 13 లెటర్లివ్వండి.