రెండు ధమనుల చివరి ఆయకట్టు

విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. అందులో 20-25 శాతం జీర్ణావయవాలకే పోతుంది. పేగులకు ఆ రక్తాన్ని ముఖ్యంగా రెండు ధమనులు తెస్తాయి. సుపీరియర్ మెసెంటెరిక్ ధమని మొదటి నడుము పూస ఎత్తున బృహద్ధమని నుంచి పుట్టి, దాదాపు చిన్నపేగు మొత్తానికీ, పెద్దపేగు అడ్డభాగంలో మూడింట రెండు వంతుల వరకూ రక్తం ఇస్తుంది. మూడో పూస ఎత్తున పుట్టే ఇన్ఫీరియర్ మెసెంటెరిక్ ధమని సన్నది. మిగిలిన అడ్డభాగం, ఎడమ పెద్దపేగు, పురీషనాళం పైభాగం దాని వంతు.

ఈ రెండూ కలిసే చోటు ఎడమవైపు, ప్లీహం కింద పేగు తిరిగే మలుపు. రెండు కాలువల చివరి ఆయకట్టు లాంటిది. పేగు అంచు వెంట సాగే ఒక సన్నటి ధమని రెండింటినీ కలుపుతుంది. అందుకే కింది ధమని ఏళ్ల తరబడి మెల్లగా మూసుకుపోయినా, పైదాని నుంచి రక్తం అందుతూ చాలామందికి ఏమీ తెలియదు. చిక్కంతా రెండింట్లోనూ ఒత్తిడి ఒకేసారి తగ్గినప్పుడే.

ఒక ఉదాహరణ చూద్దాం. 72 ఏళ్లాయనకు రెండు రోజులుగా నీళ్ల విరేచనాలు. అయినా బీపీ మాత్రలు ఆపలేదు. బీపీ 80/50కి పడింది. మెదడును, గుండెను కాపాడుకోవడానికి శరీరం పేగుల రక్తనాళాలను బిగిస్తుంది. ముందు దెబ్బతినేది ఆ చివరి మలుపే. పొట్ట ఎడమవైపు నొప్పి, వెంటనే దొడ్డికి వెళ్లాలనిపించడం, 24 గంటల్లోపు విరేచనంలో రక్తం. దీన్ని మొలలనో జిగట విరేచనాలనో అనుకునే ప్రమాదం ఉంది. సీటీ స్కాన్‌లో ఎడమ పెద్దపేగు గోడ వాచి, పురీషనాళం మామూలుగా ఉంటే, రక్తం చాలకే పేగు దెబ్బతిందన్న అనుమానం బలపడుతుంది. పురీషనాళానికి కటి ధమనుల నుంచి వేరే రక్తం ఉంటుంది కనుక అది సాధారణంగా తప్పించుకుంటుంది. కొలనోస్కోపీ రూఢి చేస్తుంది. దెబ్బ లోపలి పొరకే పరిమితమైతే సెలైన్‌తో, పేగుకు విశ్రాంతితో ఎక్కువమంది కొద్ది రోజుల్లో కోలుకుంటారు. పొట్ట బిగుసుకుపోయి, జ్వరం పెరుగుతుంటే పేగు కుళ్లుతోందేమో చూడాలి. కుళ్లుతుంటే ఆపరేషనే దారి.

పై ధమని మొదట్లోనే గడ్డ అడ్డుపడితే మాత్రం కథ వేరు. అంత పెద్ద లోటును కింది ధమని అప్పటికప్పుడు పూడ్చలేదు. భరించలేని నొప్పి హఠాత్తుగా వస్తుంది, కానీ తొలి గంటల్లో పొట్ట నొక్కితే మెత్తగానే ఉంటుంది. ఈ తేడాయే డాక్టర్లను మోసం చేస్తుంది. సుమారు 6 గంటలు దాటితే పేగు చచ్చుబడడం మొదలవుతుంది. ఇలాంటి గడ్డలు తరచూ గుండె నుంచే వస్తాయి. కాబట్టి గుండె లయ తప్పే జబ్బు ఉన్నవారికి ఒక్కసారిగా తీవ్రమైన కడుపునొప్పి వస్తే గ్యాస్ మాత్ర వేసి ఆగకండి. సీటీ యాంజియోగ్రామ్ చేసే ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్లండి.