సున్నాకూ ఒక గది ఉంది

కొన్ని నెలల క్రితం నరసరావుపేటలో ఒక కుటుంబం వారు వారసత్వ పంపకం లెక్క కట్టమని మమ్మల్ని పిలిచారు. ఇంటి పెద్ద మరణించారు. ఆయన స్థలం అమ్మగా వచ్చిన సొమ్ములో అప్పులు తీర్చివేయగా 1,20,64,000 రూపాయలు మిగిలాయి. భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు వారసులు.

సంతానం ఉన్నందున భార్యకు ఎనిమిదో వంతు, అనగా 15,08,000 చెందుతుంది. మిగిలిన 1,05,56,000లో సగం, 52,78,000 కుమారునికి. ఒక్కొక్క కుమార్తెకు 26,39,000. లెక్క ఒక గంటలో ముగిసింది. చిక్కంతా చెక్కుల దగ్గర వచ్చింది.

సొమ్ము కుమారుని ఖాతాలో ఉంది. తల్లి చెక్కుపై అంకెల్లో 15,08,000 అని సరిగానే వేశాడు. అక్షరాలలో మాత్రం 'పదిహేను లక్షల ఎనభై వేలు' అని వ్రాశాడు. పదిహేను తరువాత ఎనిమిది, ఆపైన అన్నీ సున్నాలే గదా అనుకున్నాడు. తేడా 72,000 రూపాయలు. బ్యాంకు ఆ చెక్కును తిప్పి పంపింది. 'అన్నయ్య కావాలనే ఇలా వ్రాశాడా?' అన్న మాట ఆ ఇంట్లో పుట్టింది. మరునాడు మళ్లీ మాకు కబురు వచ్చింది.

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షను ప్రకారం అంకెలకూ అక్షరాలకూ తేడా ఉంటే అక్షరాలలో ఉన్న మొత్తమే చెల్లవలసిన మొత్తం. అయినా ఆచరణలో బ్యాంకులు అటువంటి చెక్కును సాధారణంగా చెల్లించక తిప్పి పంపుతాయి. ఇప్పుడు చెక్కు ప్రతిబింబం ద్వారానే క్లియరింగు జరుగుతుంది గనుక, అందులో తేదీ తప్ప మరేదీ కొట్టివేసి దిద్దడానికి వీలు లేదు. పొరపాటు జరిగితే కొత్త చెక్కు వ్రాయవలసిందే.

మేము ఆ అబ్బాయిని కూర్చోబెట్టి ఒక కాగితంపై 1508000 అని కామాలు లేకుండా వ్రాయించాము. ఫోనులోని లెక్కల యంత్రం కొన్నిసార్లు 1,508,000 అని మూడేసి అంకెలకు కామా పెడుతుంది. అది మిలియన్ల పద్ధతి. లక్షలు చదవడానికి పనికిరాదు. కామాలన్నీ తీసివేసి కుడి వైపు నుండి మొదలుపెట్టాలి. మొదట మూడు అంకెలు విడదీస్తే అది వందల గది. తరువాత రెండు అంకెలు వేల గది. ఆపై రెండు లక్షల గది. ఎడమన ఇంకా ఏమి మిగిలినా అది కోట్లు.

ఇప్పుడు 15, 08, 000 అని మూడు గదులు వచ్చాయి. వేల గదిలో ఉన్నది 08. ముందున్న సున్నా పలకదు, కాని తన చోటును కాపాడుతుంది. కనుక అది ఎనిమిది వేలే. ఎనభై కావాలంటే ఆ గదిలో 80 ఉండాలి. గది మొత్తం సున్నాలైతే దాని పేరే ఎత్తకూడదు. కాబట్టి 'పదిహేను లక్షల ఎనిమిది వేలు మాత్రమే'. ఇదే విధంగా మొత్తం ఆస్తి 1, 20, 64, 000 అవుతుంది: 'ఒక కోటి ఇరవై లక్షల అరవై నాలుగు వేలు'.

చెల్లెళ్ల చెక్కుల దగ్గర మరొక చిక్కు ఎదురైంది. మన ఇళ్లలో లెక్క ఉర్దూలో పలుకుతాము, వ్రాత తెలుగులో సాగుతుంది. 39ని తల్లి 'ఉంతాలీస్' అన్నారు. చివరన 'తాలీస్' వినబడేసరికి అబ్బాయి నలభైలలోని సంఖ్య అనుకుని నలభై తొమ్మిది వ్రాయబోయాడు. ఉర్దూలో ముందు వచ్చే 'ఉన్' అంటే రాబోయే పదికి ఒకటి తక్కువ అని. ఉంతాలీస్ నలభైకి ఒకటి తక్కువ; నలభై తొమ్మిది ఉన్‌చాస్, అనగా యాభైకి ఒకటి తక్కువ. అందుకే చెవితో విన్నది వ్రాయక, కంటితో అంకెలు చూసి వ్రాయమన్నాము.

చెక్కును తెలుగులోనూ వ్రాయవచ్చు. ఇంగ్లీషులో 'ఎయిట్' చివర ఒక్క అక్షరం చేర్చితే 'ఎయిటీ' అయిపోతుంది. తెలుగులో ఎనిమిదిని ఎనభైగా దిద్దడం అంత సులభం కాదు. ఏ భాషలో వ్రాసినా గీత మొదటి నుండే ఆరంభించాలి. ముందు ఖాళీ వదిలి 'ఎనిమిది వేలు' అని వ్రాస్తే ఎవరైనా అక్కడ 'ఇరవై' చేర్చగలరు. చివర 'మాత్రమే' వ్రాసి మిగిలిన చోట గీత కొట్టాలి.

సంతకానికి ముందు చివరి పరీక్ష ఒకటి చేయించాము. అంకెలను చేతితో మూసి, అక్షరాలు మాత్రమే చదువుతూ వేరే కాగితంపై అంకెలు వేయమన్నాము. 'పదిహేను లక్షలు' 15. 'ఎనిమిది వేలు' అనగానే అతడు 8 వేసి ఆగాడు. గదికి రెండు అంకెలు ఉండాలని గుర్తు వచ్చి ముందు సున్నా చేర్చాడు. వందలు లేవు గనుక 000. మూసిన అంకెలు తెరిచి చూస్తే రెండూ ఒక్కటే.

అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు అప్పు పత్రం వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలని ఆదేశిస్తుంది. ఆ ఇంట్లో దానిని మేము ఎత్తి చెప్పలేదు. పాత చెక్కును అబ్బాయి చెల్లెళ్ల ముందే చింపి, కొత్తది తల్లి చేతికిచ్చి, 'అమ్మీ, మీరే ఒకసారి చదవండి' అన్నాడు. ఆమె వేలు పెట్టి ఒక్కొక్క గదీ చదివారు.