ఆగిన స్టైపెండ్ గురించి అకౌంట్స్ సెక్షన్‌కు ఉత్తరం

స్టైపెండ్ ఆలస్యమైన పరిశోధక విద్యార్థి సాధారణంగా అకౌంట్స్ సెక్షన్‌కు రాసే మాట ఒక్కటే: "దయచేసి నా స్టైపెండ్ విడుదల చేయగలరు." చాలా ఉత్తరాలు ఇక్కడే చిక్కుకుంటాయి. ఎందుకంటే ఎక్కువ ఫెలోషిప్‌ల డబ్బు ఆ సెక్షన్ దగ్గర ఉండదు. డబ్బు కదలాలంటే అక్కడ జరగాల్సిన ఒక పని మాత్రం ఉంటుంది. ఆ పనేమిటో తెలుసుకుని, దాన్ని చేయమని అడిగిన ఉత్తరానికి జవాబు వస్తుంది. విడుదల చేయమని అడిగిన ఉత్తరానికి "మా చేతుల్లో లేదు, బ్యాంకును అడగండి" అనే మాట వస్తుంది. ఆ మాటలో అబద్ధమూ ఉండదు.

నెట్ పరీక్షలో అర్హత సాధించి యూజీసీ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ పొందినవారి సంగతే తీసుకుందాం. 2023 జనవరి 1 నుంచి వర్తించిన పెంపు ప్రకారం జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోకు 42,000 రూపాయలు. ఈ సొమ్ము కెనరా బ్యాంకు నిర్వహించే స్కాలర్‌షిప్ పోర్టల్ ద్వారా నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. అయితే దానంతట అది పడదు. ఫలానా విద్యార్థి ఈ నెల పరిశోధనలో కొనసాగుతున్నారని విశ్వవిద్యాలయం ప్రతి నెలా పోర్టల్‌లో ధ్రువీకరించాలి. ఈ పని ఇద్దరి చేతుల మీదుగా సాగుతుంది. వివరాలు నమోదు చేసేవారిని మేకర్ అంటారు, సరిచూసి ఆమోదించేవారిని చెకర్ అంటారు. కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఈ ఇద్దరూ అకౌంట్స్ సెక్షన్‌లోనే ఉంటారు. మరికొన్ని చోట్ల అకడమిక్ విభాగంలోనో, పరిశోధన వ్యవహారాలు చూసే డీన్ కార్యాలయంలోనో ఉంటారు. కాబట్టి ఉత్తరం ఎవరికి రాయాలన్నది ముందుగా తేల్చుకోవాలి.

మేకర్ నమోదు చేయాలంటే ఆయనకు కాగితం ఆధారం కావాలి. గైడ్ సంతకం చేసి, శాఖాధిపతి ఫార్వర్డ్ చేసిన హాజరు ధ్రువపత్రమే ఆ ఆధారం. అది సకాలంలో చేరకపోతే ఆ నెల పేరు జాబితాలో ఉండదు, ఆ సొమ్ము తర్వాతి విడతలోకి జారిపోతుంది. విద్యార్థి ఫోనుకు ఎలాంటి హెచ్చరికా రాకపోవచ్చు. నెల తిరిగాక ఖాతా చూసుకున్నప్పుడే సంగతి బయటపడుతుంది.

ప్రాజెక్టుల కింద పనిచేసే ఫెలోల దారి వేరు. అక్కడ నిధులిచ్చే సంస్థ సొమ్మును ప్రాజెక్టు పేరిట విశ్వవిద్యాలయానికి మంజూరు చేస్తుంది. ప్రాజెక్టు బాధ్యుడైన ప్రొఫెసర్ బిల్లు పెడితే అకౌంట్స్ సెక్షన్ పరిశీలించి చెల్లిస్తుంది. ఇక్కడ ఆలస్యం ఎక్కువగా ఏడాది మలుపులో వస్తుంది. గడిచిన ఏడాది ఖర్చుకు వినియోగ ధ్రువపత్రం, ఖర్చుల పట్టిక పంపితేనే తర్వాతి విడత వస్తుంది. అవి ఆడిట్ సంతకం కోసం ఆగితే ఫెలో జీతమూ ఆగుతుంది. ఇలాంటి చోట అడగాల్సిన ప్రశ్న "వినియోగ ధ్రువపత్రం పంపారా, ఏ తేదీన పంపారు?" అన్నది.

కలం పట్టే ముందు తోటివారిని వాకబు చేయడం వల్ల సగం విషయం తేలుతుంది. విశ్వవిద్యాలయంలో అదే ఫెలోషిప్ ఉన్న ఎవరికీ ఆ నెల సొమ్ము పడలేదంటే అడ్డు బహుశా పైనెక్కడో, నిధుల విడుదలలోనో, మొత్తం జాబితా ఆమోదంలోనో ఉంది. ఒక్క శాఖవారికే పడలేదంటే ఆ శాఖ నుంచి కాగితాలు వెళ్లలేదేమో చూడాలి. అందరికీ పడి ఒక్కరికే ఆగితే ఆ ఒక్కరి ధ్రువపత్రంలోనో, బ్యాంకు ఖాతాలోనో చిక్కు ఉంటుంది. మొదటి సందర్భంలో విడివిడిగా ఉత్తరాలు రాయడం కంటే అందరూ సంతకాలు చేసిన ఒకే ఉత్తరం మంచిది. చివరి సందర్భంలో ఉమ్మడి ఉత్తరంతో ఏ ఉపయోగమూ ఉండదు.

ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖలో మొదటి ఏడాది జేఆర్‌ఎఫ్ విద్యార్థిని ఉందనుకుందాం. హాస్టల్‌లో ఉంటుంది కాబట్టి ఆమెకు ఇంటి అద్దె భత్యం రాదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల సొమ్ము పడలేదు. సెక్షన్‌కు వెళ్లి, ఫెలోషిప్‌లు చూసే అసిస్టెంటును అడిగితే రెండు నెలలూ రెండు వేర్వేరు చోట్ల ఆగాయని తెలిసింది. ఆగస్టు చివర్లో గైడ్ సెలవులో ఉండడంతో హాజరు ధ్రువపత్రం సెప్టెంబరు 3న గానీ చేరలేదు. సెప్టెంబరు వివరాలు మేకర్ నమోదు చేశారు గానీ చెకర్ ఆమోదం పడలేదు. ఈ రెండింటినీ కలిపి "రెండు నెలలుగా స్టైపెండ్ రాలేదు" అని రాస్తే ఆ ఉత్తరం అందుకున్నవారు మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి. విడదీసి రాస్తే ఇలా ఉంటుంది:

"ఫైనాన్స్ ఆఫీసర్ గారికి,
ద్వారా: పరిశోధన పర్యవేక్షకులు; శాఖాధిపతి, తెలుగు శాఖ.

విషయం: యూజీసీ జేఆర్‌ఎఫ్ – ఆగస్టు, సెప్టెంబరు నెలల ధ్రువీకరణ పూర్తి చేయవలసిందిగా అభ్యర్థన.

అయ్యా,
నేను తెలుగు శాఖలో పూర్తికాల పరిశోధక విద్యార్థిని. నా అవార్డు లెటర్ నంబరు, పోర్టల్‌లోని గుర్తింపు సంఖ్య, చేరిన తేదీ కింద ఇచ్చాను. జులై వరకు ఫెలోషిప్ సక్రమంగా అందింది. ఆగస్టు, సెప్టెంబరు నెలలకు 37,000 చొప్పున మొత్తం 74,000 రూపాయలు అందవలసి ఉంది.

ఆగస్టు హాజరు ధ్రువపత్రం సెప్టెంబరు 3న మీ కార్యాలయంలో అందజేశాం. ఆ నెలను బకాయిగా నమోదు చేయించగలరు. సెప్టెంబరు నమోదు పూర్తయిందని, ఆమోదం మిగిలి ఉందని మీ సెక్షన్‌లో తెలిపారు. ఆ ఆమోదం ఈ నెల జాబితాతోపాటు ఇప్పించగలరు. ఇందులో నా వైపు నుంచి ఇంకా ఏదైనా పత్రం కావలసి ఉంటే తెలియజేయగలరు.

జతపరిచినవి: రెండు నెలల హాజరు ధ్రువపత్రాల నకళ్లు, అవార్డు లెటర్ నకలు, జులై నుంచి బ్యాంకు స్టేట్‌మెంటు.

భవదీయురాలు"

ఇందులో హాస్టల్ మెస్ బిల్లు బాకీ ఉందని గానీ, ఇంటి దగ్గర ఇబ్బందులున్నాయని గానీ లేదు. అవి నిజమే అయినా, విద్యార్థికి అవే అన్నిటికంటే పెద్ద విషయాలే అయినా, ఈ కాగితం మీద చర్య తీసుకునే అసిస్టెంటుకు కావాల్సింది నెల, తేదీ, సంఖ్య. మెస్ బకాయి వల్ల భోజనం ఆపేస్తామని నోటీసు వచ్చినప్పుడు మాత్రం ఆ నోటీసు నకలు తప్పక జతచేయాలి. అప్పుడు అది ఆధారమవుతుంది. హాస్టల్ వార్డెన్‌కు విడిగా గడువు కోరుతూ రాయడానికి ఈ ఉత్తరం నకలే పనికొస్తుంది.

రావాల్సిన మొత్తాన్ని అంకెల్లో రాయడానికి చాలామంది మొహమాటపడతారు. పడకూడదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల 2016 జనవరిలో, మరణానికి ముందు రాసిన ఉత్తరంలో తనకు ఏడు నెలల ఫెలోషిప్ లక్షా 75 వేల రూపాయలు రావాలని, అది తన కుటుంబానికి అందేలా చూడమని రాశారు. అప్పట్లో జేఆర్‌ఎఫ్ నెలకు 25,000. ఫెలోషిప్ అంటే పుస్తకాల ఖర్చు మాత్రమేనని, ఆలస్యమైనా పెద్ద నష్టం లేదని అనుకునేవారు గుర్తుంచుకోవాల్సిన లెక్క అది. ఎన్నో ఇళ్లలో ఆ సొమ్ములో కొంత ఊరికి వెళ్తుంది.

కొన్నిసార్లు విశ్వవిద్యాలయం చేయాల్సిందంతా చేసినా సొమ్ము ఖాతాకు చేరదు. ఆధార్ ఆధారంగా జమయ్యే పద్ధతిలో, ఆధార్‌ను చివరిగా ఏ బ్యాంకుతో అనుసంధానించారో సొమ్ము అక్కడికే పోతుంది. కొత్త బ్యాంకులో ఖాతా తెరిచినప్పుడు ఆధార్ అనుసంధానానికి ఒప్పుకుని మరిచిపోయినవారు పాత ఖాతా చూసుకుంటూ ఎదురుచూస్తారు. ఖాతా నంబరుతో జమయ్యే చోట ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారితే చెల్లింపు వెనక్కి పోవచ్చు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమై, ఆ తర్వాత శాఖల కోడ్‌లు మారినప్పుడు ఎందరో ఖాతాదారులు తమ వివరాలను సవరించుకోవాల్సి వచ్చింది. ఇలాంటి సందర్భంలో సెక్షన్‌ను అడగాల్సింది చెల్లింపు లావాదేవీ సంఖ్య, అది వెనక్కి వస్తే అందుకు చూపిన కారణం. ఆ రెండూ చేతికి వస్తే మిగతా పని బ్యాంకు శాఖలో తేలుతుంది.

ఆలస్యంలో ఇంకొక రకం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. డబ్బు నెలనెలా పడుతూనే ఉంటుంది, కానీ తక్కువ పడుతుంది. రెండేళ్లు పూర్తయ్యాక ముగ్గురు సభ్యుల కమిటీ పరిశోధన ప్రగతిని పరిశీలించి సీనియర్ ఫెలోగా సిఫారసు చేయాలి. ఆ పత్రం పోర్టల్‌లోకి ఎక్కేదాకా పాత 37,000 చొప్పునే వస్తుంది. కమిటీ సమావేశం ఆరు నెలలు ఆలస్యమైతే నెలకు 5,000 చొప్పున 30,000 రూపాయలు బకాయి పడినట్టే. కాబట్టి రెండో ఏడాది ముగియడానికి కొన్ని వారాల ముందే, కమిటీ ఏర్పాటు కోరుతూ శాఖాధిపతికి రాయడం అవసరం. అకౌంట్స్ సెక్షన్‌కు ఉత్తరం ఆ తర్వాతి మెట్టు. దానిలో పెంపు ఏ తేదీ నుంచి వర్తించాలో, ఎన్ని నెలల తేడా రావాలో స్పష్టంగా రాయాలి.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకుని వెళ్లాలి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోవాలి. ఈ నంబరు లేని ఉత్తరం ఆ కార్యాలయానికి చేరనట్టే లెక్క. ఈమెయిల్‌లో కూడా పంపవచ్చు గానీ, గైడ్, శాఖాధిపతి సంతకాలున్న కాగితానికి ఉన్న బలం దానికి చాలా చోట్ల ఇంకా రాలేదు. రెండు వారాల్లో కదలిక లేకపోతే పాత ఇన్‌వర్డ్ నంబరును ఉదహరిస్తూ గుర్తుచేసే ఉత్తరం రాసి, నకలు రిజిస్ట్రార్‌కు పంపాలి. మొదటి ఉత్తరంలోనే రిజిస్ట్రార్‌కు, వైస్ ఛాన్సలర్‌కు నకళ్లు పెట్టడం తొందరపాటు. పని చేసిపెట్టగల అసిస్టెంటు దాన్ని ఫిర్యాదుగా తీసుకుని, సంజాయిషీ రాసే పనిలో పడతారు.

అప్పటికీ జవాబు లేకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నాటి ఈ చట్టం కింద దరఖాస్తుకు 30 రోజుల్లోగా సమాధానం ఇవ్వాలి. "నా స్టైపెండ్ ఎందుకు ఆపారు?" అనే ప్రశ్నకు అధికారి దాటవేత జవాబు ఇవ్వగలరు. "ఫలానా ఇన్‌వర్డ్ నంబరు గల నా ఉత్తరం ఏ తేదీన ఎవరి దగ్గరకు వెళ్లింది, దాని మీద రాసిన నోట్ నకలు ఇవ్వండి" అంటే రికార్డులో ఉన్నది చూపించక తప్పదు.

బకాయి జమయ్యాక మొత్తాన్ని నెలలవారీగా సరిచూసుకోవాలి. మూడు నెలల బకాయి రావాల్సిన చోట రెండు నెలలదే పడడం, మధ్యలో ఒక నెల తప్పిపోవడం మామూలే. పడిన నెలలు, తేదీలు, ఇంకా మిగిలిన నెల ఏదో చెబుతూ సెక్షన్‌కు మూడు నాలుగు వాక్యాల ఉత్తరం ఇచ్చి, దాని మీద కూడా ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుంటే తప్పిన నెల విషయంలో మళ్లీ మొదటినుంచి తిరగాల్సిన పని ఉండదు.