మీథేన్ మంటకు కాగితం లెక్క

పైపుల్లో వంటింటికి వచ్చే గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేన్. అది మండితే వచ్చే వేడిని బంధాల పట్టికతోనే అంచనా కట్టవచ్చు.

ఒక మోల్ మీథేన్‌లోని నాలుగు C–H బంధాలనూ (ఒక్కోటి 413 కిలోజౌళ్లు), రెండు మోల్‌ల ఆక్సిజన్‌లోని O=O బంధాలనూ (498) తెంచడానికి 2,648 కిలోజౌళ్లు కావాలి. కార్బన్ డయాక్సైడ్‌లో రెండు C=O బంధాలు (745), నీటి ఆవిరిలో నాలుగు O–H బంధాలు (463) ఏర్పడితే 3,342 తిరిగొస్తాయి. మిగులు 694. కొలిస్తే మాత్రం 802!

తప్పు కూడికలో లేదు. 745 అనేది కీటోన్లు, ఆల్డిహైడ్ల వంటి రకరకాల అణువుల నుంచి తీసిన సగటు. కార్బన్ డయాక్సైడ్‌లో అదే బంధం ఇంకా గట్టిది, 799. అది వేస్తే లెక్క 802కి చేరుతుంది. పైగా ఈ విలువలన్నీ వాయువులకే. ఆవిరి నీరుగా మారితే వేడి 890కి పెరుగుతుంది. ఆ అదనపు వేడి బంధాల పట్టికలో ఎక్కడా కనిపించదు.