256 జీబీ కార్డు, 8 జీబీ చిప్: డబ్బు వాపసు ఒక దారి, లిస్టింగ్ తీసేయించడం ఇంకో దారి

పేరున్న కంపెనీ రంగులు, అదే ప్యాకెట్టు, వెనకాల సీరియల్ నంబరు కూడా ఉంటుంది. ధర 1,299 రూపాయలు. ఫోన్‌లో పెడితే 256 జీబీ ఖాళీ ఉందని చూపిస్తుంది. కానీ ఆ మెమరీ కార్డు లోపలున్న చిప్ 8 జీబీది మాత్రమే. ఆన్‌లైన్‌లో ఒరిజినల్ పేరుతో అమ్ముడయ్యే నకిలీ సరుకుల్లో దీన్ని ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. చెప్పులో సెంటో అయితే నకిలీ అవునా కాదా అన్నది వాదనగా మిగిలిపోతుంది. కార్డు విషయంలో మన ఇంట్లోనే, మన కంప్యూటర్‌తోనే అంకెల్లో తేల్చుకోవచ్చు.

కార్డులో చిప్‌తో పాటు కంట్రోలర్ అనే చిన్న భాగం ఉంటుంది. నాలో ఇంత చోటుంది అని ఫోన్‌కు చెప్పేది అదే. నకిలీ తయారుచేసేవాళ్లు దాని చేత అబద్ధం చెప్పిస్తారు. నిజంగా ఉన్న చోటు నిండాక వచ్చే ఫైళ్లు కొన్ని కార్డుల్లో ఎక్కడికీ పోవు, కొన్నింట్లో పాత ఫైళ్ల మీదే పడి వాటిని తుడిచేస్తాయి. ఫైళ్ల పేర్ల పట్టిక మాత్రం చిప్ మొదట్లోనే ఉంటుంది కాబట్టి పేర్లన్నీ కనిపిస్తూనే ఉంటాయి. ఫొటో తెరిస్తే సగం బూడిద రంగు వస్తుంది, లేదా అసలు తెరుచుకోదు.

ఒక్కో ఫొటో 4 ఎంబీ అనుకుంటే దాదాపు 2 వేల ఫొటోల వరకు ఈ కార్డు బుద్ధిగా పనిచేస్తుంది. మామూలు వాడకంలో అన్ని ఫొటోలు చేరడానికి నెలలు పడుతుంది. కొన్నవాళ్లు రేటింగ్ ఇచ్చేది మాత్రం సరుకు చేతికందిన తొలి రోజుల్లోనే, అంటే ఏ ఫొటో చెడకముందే. చాలా సైట్లలో సరుకు తిప్పి పంపే గడువు కూడా వారం పది రోజుల్లో ముగుస్తుంది. అందుకే నాలుగున్నర స్టార్లున్న లిస్టింగ్ నుంచి కూడా నకిలీ కార్డు రాగలదు.

రేటింగ్ మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో చెప్పే లెక్క ఒకటుంది. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏవో పేరున్న ఆన్‌లైన్ సైట్లలో, బయటి విక్రేతల దగ్గర 47 వస్తువులు కొని పరీక్ష చేయించి, 2018లో ఫలితాలు బయటపెట్టింది. 90 శాతానికి పైగా మంచి రేటింగ్ ఉన్న విక్రేతల దగ్గరే కొన్నారు. 47లో 20 నకిలీవని తేలింది. బూట్లు 15కి 15 అసలువే. సౌందర్య సాధనాలు 13కి 13 నకిలీవి. ప్రయాణాల్లో వాడే మగ్గులు 9లో 6, ఫోన్ చార్జర్లు 10లో 1 నకిలీవి. నాలుగు రకాల వస్తువుల మీద చేసిన ఈ పరీక్ష మొత్తం మార్కెట్‌కు వర్తించదు. మంచి రేటింగ్ ఉంటే సరుకు అసలుదే అనుకోవడానికి వీల్లేదని మాత్రం రుజువు చేసింది.

కార్డు పరీక్ష దగ్గరికి వద్దాం. ముందుగా ఒక పొరపాటు అభిప్రాయం తొలగించుకోవాలి. అసలైన 256 జీబీ కార్డు కూడా విండోస్ కంప్యూటర్‌లో 238 జీబీగానే కనిపిస్తుంది. కంపెనీ వెయ్యిని లెక్కగా పెట్టుకుంటుంది, విండోస్ 1,024ను పెట్టుకుంటుంది. ఈ తేడా చూసి ఫిర్యాదు పెడితే నిలవదు.

విండోస్‌లో h2testw అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. కార్డు మొత్తాన్ని ఫైళ్లతో నింపి, వాటిని తిరిగి చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని సరిచూస్తుంది. లినక్స్‌లో, మాక్‌లో ఇదే పని F3 చేస్తుంది. కార్డు ఉన్న ఫోల్డర్ పేరు మీ దగ్గర ఎలా ఉంటే అలా ఇవ్వాలి:

```
f3write /media/card
f3read /media/card
```

ముందు మీ ఫొటోలు వేరేచోటికి కాపీ చేసుకుని కార్డు ఖాళీ చేయాలి. సెకనుకు 20 ఎంబీ వేగంతో రాస్తే 256 జీబీ నిండడానికి మూడున్నర గంటలు పడుతుంది, తిరిగి చదవడానికి మరికొంత. అంత సమయం లేకపోతే h2testwలో 32 జీబీ వరకే రాయమని చెప్పవచ్చు, రాయడం అరగంటలో అయిపోతుంది. అందులో కార్డు తప్పితే రుజువు దొరికినట్టే. నెగ్గితే మాత్రం ఏమీ తేలనట్టు, పూర్తి పరీక్ష చేయాల్సిందే. మన ఉదాహరణలోని కార్డుకు తెర మీద ఇలాంటి ఫలితం వస్తుంది:

```
The media is likely to be defective.
7.4 GByte OK
230.9 GByte DATA LOST
```

అసలు కార్డు పాడైతే అక్కడక్కడా తప్పులు కనిపిస్తాయి. 8 జీబీ దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే అది పాడవడం కాదు, మోసం. ఈ తెర ఫొటో, కార్డు రెండు వైపుల ఫొటోలు కలిపి కార్డు మీద పేరున్న కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ చేయండి. ఈ సీరియల్ నంబరు మాది కాదని వాళ్లు రాతపూర్వకంగా చెబితే అంతకు మించిన సాక్ష్యం లేదు.

ఇప్పుడు ఫిర్యాదు. ఇక్కడే చాలామంది దారి తప్పుతున్నారు. ఆర్డర్ పేజీలో రిటర్న్ నొక్కితే కారణాల జాబితా వస్తుంది. తొందరలో ‘వస్తువు పనిచేయడం లేదు’ అన్నది ఎంచుకుంటారు. డబ్బు వస్తుంది, కార్డు వెనక్కి వెళ్తుంది. సైట్ లెక్కల్లో అది పాడైన సరుకే గానీ నకిలీ సరుకు కాదు. లిస్టింగ్ అలాగే ఉంటుంది, మర్నాడు ఇంకొకరు కొంటారు. సాక్ష్యంగా ఉండాల్సిన కార్డు కూడా మన చేతిలో ఉండదు. కాబట్టి ‘నకిలీ’ లేదా ‘ఒరిజినల్ కాదు’ అన్న కారణమే ఎంచుకోవాలి. ఆ మాట జాబితాలో లేకపోతే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ రాయాలి. ఆ అధికారి పేరు, మెయిల్ చిరునామా సైట్‌లో ఉంచడం తప్పనిసరి.

2020 జులై 23న వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు ఈ ఫిర్యాదుకు రెండు గడువులు పెట్టాయి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. మార్చి 10న మెయిల్ పెడితే 12లోగా టికెట్ నంబరు, ఏప్రిల్ 10లోగా పరిష్కారం రావాలి. ఆరో నిబంధన ప్రకారం సరుకు నకిలీదైతే, లేదా ప్రకటించిన లక్షణాలు దానికి లేకపోతే, వెనక్కి తీసుకోవడానికి గానీ డబ్బు తిరిగివ్వడానికి గానీ విక్రేత నిరాకరించకూడదు. రిటర్న్ గడువు అయిపోయిందనే జవాబు వస్తే ఈ నిబంధననే చూపించాలి.

మేం మధ్యవర్తులం మాత్రమే, అమ్మింది వేరేవాళ్లు అని సైట్ చెప్పవచ్చు. చట్టంలో దానికి కొంత ఆధారం కూడా ఉంది. అప్పుడు పనికొచ్చేది ఐదో నిబంధన: కొన్న తర్వాత వినియోగదారు రాతపూర్వకంగా అడిగితే విక్రేత ప్రధాన కార్యాలయం, శాఖల చిరునామాలు, మెయిల్ వంటి వివరాలు సైట్ ఇచ్చి తీరాలి. తొలి మెయిల్‌లోనే ఇది అడగడం మంచిది. రేపు కేసు వేయాల్సివస్తే నోటీసు పంపడానికి చిరునామా కావాలి కదా.

లిస్టింగ్ తీసేయమని అడగడంలో ఒక మెలిక ఉంది. చాలా సైట్లలో ఒకే వస్తువు పేజీ కింద పదిమంది విక్రేతలు ఉంటారు. పేజీ అసలు కంపెనీదే కావచ్చు, నకిలీ సరుకు అమ్మేది అందులో ఒకరు కావచ్చు. పేజీ మొత్తం తీసేయమంటే సైట్ ఒప్పుకోదు, అది సబబు కూడా కాదు. ఇన్వాయిస్ మీదున్న విక్రేత పేరు, జీఎస్టీ నంబరు రాసి ఆ విక్రేతను ఆ పేజీ నుంచి తొలగించమని అడగాలి. పేజీయే నకిలీ సరుకు కోసం పెట్టినదైతే అప్పుడు పేజీని తీసేయమనాలి. మెయిల్ ఇలా ఉంటే చాలు:

“మార్చి 3న నేను ఆర్డర్ చేసిన 256 జీబీ మెమరీ కార్డు నకిలీది. పరీక్షలో 7.4 జీబీ మాత్రమే పనిచేసింది, 230.9 జీబీలో డేటా పోయింది. ఫలితం, ఇన్వాయిస్, ప్యాకెట్టు ఫొటోలు, ఆ రోజు నాటి లిస్టింగ్ స్క్రీన్‌షాట్, కంపెనీ పంపిన జవాబు జతచేశాను. మూడు కోరుతున్నాను. ఒకటి, 1,299 రూపాయలు తిరిగి ఇవ్వండి. రెండు, ఈ విక్రేత పెట్టిన ఈ లిస్టింగ్‌ను తొలగించి, ఆ విషయం రాతపూర్వకంగా తెలపండి. మూడు, ఐదో నిబంధన ప్రకారం విక్రేత పూర్తి చిరునామా పంపండి. కార్డు నా దగ్గర భద్రంగా ఉంది, మీ మనిషి వస్తే రసీదు తీసుకుని అప్పగిస్తాను.”

డబ్బు విషయంలో నియమం గట్టిది, తొలగింపు విషయంలో అంత గట్టిది కాదు. ట్రేడ్‌మార్క్, కాపీరైట్, ఐటీ చట్టాల కింద ఒకసారి తొలగించిన సరుకును మళ్లీ మళ్లీ పెట్టే విక్రేతల వివరాలు సైట్లు నమోదు చేసి ఉంచుకోవాలని నిబంధనలు చెబుతున్నాయి. కానీ ఆ విక్రేతను పూర్తిగా పంపించేయడం సైట్ ఇష్టానికే వదిలేశాయి. ఇది పెద్ద లోపమని నా అభిప్రాయం. ఒక పేరుతో తీసేసిన సరుకు ఇంకో పేజీలో తేలడానికి ఈ సందే చాలు. అందుకే మన ఫిర్యాదు నకలు కంపెనీకీ పంపాలి. ట్రేడ్‌మార్క్ హక్కు దానిది కాబట్టి తొలగించమని హక్కుదారుగా అడిగే బలం దానికి ఉంది.

నెల దాటినా కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. వాళ్లు ఫిర్యాదును సైట్‌కు పంపి ఒత్తిడి తెస్తారు గానీ ఆదేశించలేరు. ఆదేశించే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌ది. మీరు కర్నూలులో ఉంటే అమ్మినవాళ్లు ఢిల్లీలో ఉన్నా కర్నూలులోనే కేసు వేయవచ్చు. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్ల గడువుంది. అవతలివాళ్లకు నోటీసు అందాక 3 నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది, ఆచరణలో ఎక్కువే పడుతుంది. 1,299 రూపాయల కోసం ఇంత తిరగాలా అనిపిస్తుంది. కార్డు ధరతో పాటు మనోవేదనకు పరిహారం, ఖర్చులు కూడా అడగవచ్చని గుర్తుంచుకోండి.

ఒక్కరి డబ్బు కాక కొన్నవాళ్లందరి సంగతీ చూసేది 2020లో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, సీసీపీఏ. అది ఏం చేయగలదో 2022 ఆగస్టులో తెలిసింది. నాణ్యతా ప్రమాణాలు లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మనిచ్చినందుకు అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసింది. అమ్ముడైన 2,265 కుక్కర్లు కొన్న ప్రతి ఒక్కరికీ సమాచారమిచ్చి, కుక్కర్లు వెనక్కి తీసుకుని, డబ్బు తిరిగి చెల్లించి, 45 రోజుల్లో నివేదిక ఇమ్మంది. అదే నెలలో ఫ్లిప్‌కార్ట్‌కు 598 కుక్కర్ల విషయంలో అదే జరిమానా, అలాంటి ఆదేశమే. అవి నకిలీ బ్రాండ్లు కావు, ప్రమాణాలు లేని సరుకు. అయినా సైట్ మీద పెట్టిన సరుకుకు సైట్‌ను కూడా జవాబుదారీ చేయవచ్చని ఆ ఆదేశాలు చూపించాయి.

ఈ సంస్థకు ఫిర్యాదు పంపడానికి ఢిల్లీ వెళ్లక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆ ఫిర్యాదును మీ జిల్లా కలెక్టర్‌కు కూడా ఇవ్వవచ్చు. అందులో మీ రిఫండ్ గురించి కాకుండా, ఈ లిస్టింగ్ వల్ల ఎంతోమంది మోసపోతున్నారనే విషయాన్ని ముందు రాయాలి. పరీక్ష ఫలితం, కంపెనీ జవాబు, సైట్ ఇచ్చిన టికెట్ నంబరు, నెల దాటాక కూడా ఆ లిస్టింగ్ అలాగే ఉందని చూపే తేదీతో ఉన్న స్క్రీన్‌షాట్ జతచేయాలి.