ఫొటోలో గడ్డం మారాలి, మొహం కాదు: సెలూన్‌లో ఏఐ ఫొటోలు ఎలా తయారు చేయాలి?

ఇదివరకు కస్టమర్ సెలూన్‌కు వస్తే ఏ హీరో ఫొటోనో, క్రికెటర్ ఫొటోనో చూపించి "భాయ్, ఇట్లనే కావాలె" అనేవాడు. ఇప్పుడు తన ఫొటోనే చూపిస్తున్నాడు. ఏదో ఏఐ యాప్‌లో తన సెల్ఫీ పెట్టి, కొత్త హెయిర్ కట్, కొత్త గడ్డం పెట్టించుకుని వస్తున్నాడు. కాస్త దగ్గరగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. గడ్డంతో పాటు దవడ సన్నబడింది, ముక్కు కొనదేరింది, రంగు కూడా తేలింది. గడ్డం ఆ షేప్‌లో కత్తిరించొచ్చు గానీ ఆ దవడను ఏ కత్తెరా తేలేదు. కట్టింగ్ అయ్యాక అద్దంలో చూసుకుని "ఫొటోలో ఉన్నట్టు రాలేదు" అంటే మాట పడేది మాత్రం బార్బరే.

అందుకే ఈ పని సెలూన్ వాళ్లే చేసి చూపించడం మేలు. అయితే ముందు మొహం ఎందుకు మారుతుందో తెలియాలి. ఫొటో ఇచ్చి "గడ్డం పొట్టిగా చెయ్యి" అని వాక్యం మాత్రమే రాస్తే, చాలా యాప్‌లు గడ్డం దగ్గరే ఆగవు. మొత్తం ఫొటోను మళ్లీ కొత్తగా గీస్తాయి. అది మీ కస్టమర్ మొహం కాదు, ఆ మొహాన్ని పోలిన మొహం. అలా గీసేటప్పుడు చర్మం నున్నగా, రెండు చెంపలూ సమానంగా, కళ్లు కాస్త పెద్దగా వచ్చేస్తుంటాయి. "మొహం మార్చొద్దు" అని రాసినా పూర్తి గ్యారంటీ లేదు.

దీనికి దారి ఒకటుంది. మార్చాల్సిన చోటును మాత్రమే వేలితోనో బ్రష్‌తోనో రుద్ది గుర్తుపెట్టే సౌకర్యం ఉన్న యాప్ వాడాలి. అలా గుర్తుపెట్టిన భాగాన్ని మాస్క్ అంటారు. ఫొటోషాప్‌లో దీన్ని Generative Fill అంటారు, స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి వాటిలో Inpaint అని కనిపిస్తుంది. మాస్క్ లోపలే కొత్త వెంట్రుకలు వస్తాయి, బయట పాత ఫొటో అలాగే ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. మూడు వారాల్లో పెళ్లి ఉన్న కుర్రాడు వచ్చాడనుకోండి. గడ్డం సుమారు 3 సెంటీమీటర్లు ఉంది. దాన్ని పొట్టిగా, చెంపల మీద గీత గీసినట్టు చేయిస్తే ఎట్లుంటదో చూడాలంటున్నాడు.

మొదట ఫొటో సరిగ్గా తీయాలి. చేతికి అందేంత దగ్గర నుంచి సెల్ఫీ తీస్తే ముక్కు పెద్దగా, చెవులు చిన్నగా పడతాయి. ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో నిలబడి, వెనక కెమెరాతో, 2x జూమ్‌లో, కళ్ల ఎత్తులో ఫోన్ పట్టుకుని తీయండి. బ్యూటీ మోడ్ ఆఫ్ చేయండి. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి చాలు.

తర్వాత మాస్క్. కలమల నుంచి చెంపల మీద గడ్డం, మీసం, గదవ కింద మెడ దాకా రుద్దాలి. కాలర్ మీద వేలాడే వెంట్రుకలను కూడా కలపాలి, లేకపోతే పొట్టి గడ్డం కింద పాత గడ్డం ముక్క గాలిలో మిగిలిపోతుంది. పెదాలు, ముక్కు, కళ్లు, చెవులు మాస్క్‌లోకి రాకూడదు. మీసం దగ్గర ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. బ్రష్ పై పెదవికి తగిలితే నోరు మారిపోతుంది, నోరు మారితే మనిషే మారినట్టు ఉంటాడు. అక్కడ జూమ్ చేసి చిన్న బ్రష్‌తో రుద్దండి.

రాసే వాక్యంలో వెంట్రుకల గురించే ఉండాలి:

```
short boxed beard, black hair, clean cheek line, natural density
```

"అందమైన పెళ్లికొడుకు" లాంటి మాటలు కలిపితే యాప్ అందం మీద పడుతుంది. స్టేబుల్ డిఫ్యూజన్‌లో Denoising strength అనే మీట ఉంటుంది. 0 దగ్గర ఏమీ మారదు, 1 దగ్గర మాస్క్ లోపల అంతా కొత్తదే. 0.3 దగ్గర పాత గడ్డం పోదు. గడ్డం పొట్టి చేయడానికి 0.7 దగ్గర మొదలుపెట్టి చూడొచ్చు.

ఫొటో వచ్చింది కదా అని వెంటనే చూపించకండి. కొన్ని యాప్‌లు మాస్క్ బయట కూడా కొద్దికొద్దిగా మార్చేస్తాయి. గ్యాలరీలో పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వేలితో అటూ ఇటూ జరపండి. కళ్ల మూలలు, కనుబొమ్మలు, పుట్టుమచ్చ, చెవులు కదలకుండా ఉండాలి. ఏది కదిలినా మొహం మారిందన్నట్టే. అప్పుడు లేయర్లున్న ఎడిటర్‌లో కొత్త ఫొటో మీద పాత ఫొటో పెట్టి, గడ్డం ఉన్నంత మేరకు పై పొరను చెరిపేయండి. కొత్త గడ్డం బయటపడుతుంది, మొహం మాత్రం అసలైనదే ఉంటుంది. అంచు దగ్గర మెత్తటి బ్రష్ వాడితే అతుకు కనబడదు. రెండు ఫొటోలూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కుదరకపోతే ఆ కొత్త ఫొటో పక్కనపెట్టి మళ్లీ చేయండి.

ఇంత చేసినా రెండు విషయాలు ఏ ఫొటో చెప్పలేదు. ఒకటి, గడ్డం కింద దాగిన గదవ. కెమెరాకు కనబడనిది యాప్‌కూ తెలియదు. అది గీసిన దవడ గీత ఊహ మాత్రమే. కస్టమర్ దగ్గర గడ్డం లేనప్పటి పాత ఫొటో ఉంటే అడిగి చూడండి. లేకపోతే "ఇక్కడి దాకా మీ మొహమే, ఈ కింది భాగం అంచనా" అని వేలు పెట్టి చూపించండి.

రెండోది, వెంట్రుకల ఒత్తు. చెంప మీద వెంట్రుకలు మొలవని చోట కూడా యాప్ నిండుగా గడ్డం పెట్టేస్తుంది. తలకట్టు విషయంలో నుదుటి మీదకు కూడా జుట్టు దించుతుంది. అందుకే వెంట్రుకలు నిజంగా మొలిచే చోటు దాటి మాస్క్ పోనివ్వకండి. ముందు దువ్వెనతో గడ్డం పక్కకు తీసి, పలచని చోట్లు ఎక్కడున్నాయో చూసుకోండి. ఫొటోలో అవి కూడా అలాగే కనబడాలి.

ఇక ఫొటోకు మిల్లీమీటర్లు తెలియవు. క్లిప్పర్ గార్డులకు తెలుసు. 2వ నంబరు సుమారు 6 మిల్లీమీటర్లు, 3వ నంబరు 10, 4వ నంబరు 13. మన కుర్రాడికి ఫొటోలో నచ్చింది 2వ నంబరులా ఉన్నా, ముందు 4 పెట్టి తీయండి. అద్దం చూపించి, సరే అంటేనే 3కు, ఆ తర్వాతే 2కు దిగండి. గుప్పెడు కన్నా తగ్గించొద్దు అనే కస్టమర్లకైతే ఫొటో పక్కనపెట్టి, ముందే పిడికిలితో కొలత తీసుకోవాలి. గడ్డం నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. 6 మిల్లీమీటర్లకు దించిన గడ్డం మళ్లీ 3 సెంటీమీటర్లు కావాలంటే రెండు నెలల పైనే పడుతుంది, అతని పెళ్లేమో మూడు వారాల్లో ఉంది.

చివరగా, ఇలాంటి చాలా యాప్‌లలో ఫొటో కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. ఆ మాట ముందే చెప్పి కస్టమర్ ఒప్పుకుంటేనే పెట్టండి. పని అయ్యాక ఫొటోలు ఆయనకు పంపించి, మీ ఫోన్‌లోంచీ యాప్‌లోంచీ ఆయన ముందే డిలీట్ చేయండి.