ఫ్రిజ్ కంటే ముందు లిఫ్ట్ బుక్ చేయండి

పెద్ద ఫ్రిజ్ కొన్నాక డెలివరీకి ముందురోజు ఫోన్ వస్తుంది. "రేపు పదకొండు నుంచి ఒంటిగంట లోపు తెస్తామండి, ఇంట్లో ఉంటారా?" అని అడుగుతారు. చాలామంది "ఉంటాం" అని పెట్టేస్తారు. బహుళ అంతస్తుల అపార్ట్‌మెంట్లలో ఆ ఒక్క మాట సరిపోదు.

హైదరాబాద్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌కి రెండు తలుపుల సైడ్ బై సైడ్ ఫ్రిజ్ వస్తోందనుకుందాం. పెట్టెతో సహా వెడల్పు 39 అంగుళాలు, లోతు 31, ఎత్తు 75. మనుషులు ఎక్కే లిఫ్ట్ తలుపు పూర్తిగా తెరుచుకున్నా 31 అంగుళాలు దాటి కొంచెమే ఉంటే, పెట్టెను పక్కకు తిప్పినా చేతులు పెట్టే సందుండదు. ఎనిమిది మంది లిఫ్ట్ 544 కిలోలు మోస్తుంది కాబట్టి ఫ్రిజ్ బరువుతో చిక్కు లేదు. అడ్డుపడేది తలుపే. అదే బ్లాకులో సర్వీస్ లిఫ్ట్ తలుపు 35 అంగుళాలుంటే పెట్టె సాఫీగా వెళ్తుంది. అందుకే ఫోన్ వచ్చేలోపే టేపుతో లిఫ్ట్ తలుపు, లోపలి లోతు, ఇంటి గుమ్మం కొలిచి పెట్టుకోవాలి.

తర్వాత మెయింటెనెన్స్ ఆఫీసుకు వెళ్లి అరగంట సర్వీస్ లిఫ్ట్ రాయించుకోవాలి. స్కూలు, ఆఫీసు వేళల్లో చాలాచోట్ల సామాన్లకు లిఫ్ట్ ఇవ్వరు. అటెండెంట్ తాళంచెవి ఉందేమో అడగండి. అది తిప్పితే కొన్ని లిఫ్ట్‌లు మిగతా అంతస్తుల పిలుపులకు ఆగవు. అది లేక కూలీలు తలుపుకు చెక్కముక్క అడ్డం పెడితే తలుపు యంత్రం పాడై, మరమ్మతు ఖర్చు ఇంటివాళ్ల మీద పడవచ్చు.

డెలివరీ సంస్థ కూడా ఈ సంగతి ముందే అడగాలి. పంపాల్సిన సందేశం ఇలా ఉంటే చాలు:

"నమస్తే అండి. మీ ఫ్రిజ్ రేపు 11 నుంచి 1 గంట మధ్య వస్తుంది. పెట్టె 39 × 31 × 75 అంగుళాలు. దయచేసి ఆ సమయానికి సర్వీస్ లిఫ్ట్ బుక్ చేసి, గేటు దగ్గర మా బండి నంబరు చెప్పి ఉంచండి. బిగించే టెక్నీషియన్ సాయంత్రం 4కి వస్తారు. లిఫ్ట్ దొరక్కపోతే ఈరోజే చెప్పండి, వేళ మారుస్తాం."

చివరి రెండు వాక్యాలు ముఖ్యం. తెచ్చేవాళ్లు, బిగించేవాళ్లు చాలాసార్లు వేర్వేరు జట్లు. లిఫ్ట్ లేక బండి వెనక్కి వెళ్తే టెక్నీషియన్ వేళ కూడా పోతుంది. ఫ్రిజ్‌ను పడుకోబెట్టి మెట్ల మీద మోయిస్తే కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి జారుతుంది. అలా జరిగితే నిలబెట్టి, మాన్యువల్‌లో చెప్పినన్ని గంటలు ఆగాకే స్విచ్ వేయాలి.

కాబట్టి "ఉంటాం" అనే ముందు పెట్టె కొలతలు అడగండి, లిఫ్ట్ వేళ చెప్పండి, టెక్నీషియన్ ఎప్పుడొస్తారో రాసుకోండి. ఈ మూడూ కుదిరాకే డెలివరీ ఖాయమైనట్టు.